ఒక్క పీడనం కొలిస్తే చాలు: డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ ఎంత విడిపోయిందో తేల్చే లెక్క

డైనైట్రోజన్ టెట్రాక్సైడ్‌కు రంగు లేదు. నైట్రోజన్ డయాక్సైడ్‌ది ఎరుపు కలిసిన ముదురు గోధుమ రంగు. గది ఉష్ణోగ్రత దగ్గర ఈ రెండు వాయువులూ విడివిడిగా దొరకవు. ఒకటి ఉన్నచోట రెండోది ఉండి తీరుతుంది. రెండు NO₂ అణువులు జతకడితే ఏర్పడేదే N₂O₄. ఆ జతను పట్టి ఉంచేది రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ఉన్న ఒకే ఒక బలహీనమైన బంధం. ఒక మోల్ N₂O₄ను పూర్తిగా విడదీయడానికి 57 కిలోజౌళ్ల వేడి సరిపోతుంది. అణువులు ఒకదాన్నొకటి ఢీకొనే తాకిడికే కొన్ని జతలు విడిపోతుంటాయి, విడిపోయినవి ఎదురుపడి మళ్లీ జతకడుతుంటాయి. విడిపోయే వేగం, జతకట్టే వేగం సమానమైన దశే సమతాస్థితి.

N₂O₄ ⇌ 2NO₂

మొదట ఉన్న N₂O₄లో ఎంత భాగం విడిపోయిందో చెప్పే సంఖ్యను వియోజన అవధి అంటారు. దాన్ని α గుర్తుతో రాస్తారు. వంద అణువుల్లో ఇరవై విడిపోతే α విలువ 0.20. ఏదీ విడిపోకపోతే సున్నా, అన్నీ విడిపోతే 1. బుడ్డి తెరిచి అణువులను లెక్కపెట్టడం సాధ్యం కాదు, వాయువును బయటికి తీసి విశ్లేషించబోతే ఆ క్షణంలోనే సమతాస్థితి మారిపోతుంది. అయినా ఈ సంఖ్యను కచ్చితంగా పట్టుకోవచ్చు. ఒక అణువు విడిపోతే రెండవుతాయి. అణువుల సంఖ్య పెరిగితే పీడనం పెరుగుతుంది. మూసిన బుడ్డి గోడ మీద పడే మొత్తం పీడనమే లోపల ఎన్ని జతలు విడిపోయాయో చెప్పేస్తుంది.

పందొమ్మిదో శతాబ్దపు రసాయన శాస్త్రవేత్తలను ఈ వాయువు చాలాకాలం ఇబ్బంది పెట్టింది. సమాన పరిస్థితుల్లో సమాన ఘనపరిమాణంలో ఉండే అణువుల సంఖ్య సమానమని అవగాడ్రో సూత్రం. దాని ప్రకారం ఆవిరి సాంద్రత కొలిస్తే అణుభారం తెలియాలి. ఈ వాయువు విషయంలో ఆ సాంద్రత ఒక్కచోట నిలవలేదు. వేడిచేసేకొద్దీ తగ్గుతూ, అణుభారం 92 నుంచి 46 వైపు జారుతున్నట్టు కనిపించింది. వేడికి అణువులు పాక్షికంగా విడిపోయి, చల్లబడితే మళ్లీ కలుస్తాయన్న వియోజన భావనను ఫ్రాన్స్‌లో సెంట్-క్లేర్ డెవిల్ ప్రవేశపెట్టాక ఈ చిక్కు వీడింది. 1879లో అమెరికా శాస్త్రవేత్త విలార్డ్ గిబ్స్ తన ఉష్ణగతిక సిద్ధాంతాన్ని ఈ వాయువు ఆవిరి సాంద్రతలకు అన్వయించి చూపాడు. ఇవాళ ఇంటర్మీడియట్ విద్యార్థి నాలుగు పంక్తుల్లో చేసే లెక్క వెనుక ఉన్నది ఆ ఆలోచనే.

నాలుగు పంక్తుల లెక్క

మొదట ఒక మోల్ N₂O₄ ఉందనుకుంటే, అందులో α భాగం విడిపోయాక మిగిలేది 1 − α మోళ్లు. విడిపోయిన ప్రతి అణువూ రెండు NO₂లను ఇస్తుంది కాబట్టి NO₂ మోళ్లు 2α. రెంటినీ కలిపితే మొత్తం 1 + α మోళ్లు. ఈ లెక్కలో కొత్తగా ఊహించినదేమీ లేదు, అంతా పద్దు రాసుకోవడమే.

వాయువుల మిశ్రమంలో ఒక్కో వాయువు కలగజేసే పీడనాన్ని దాని పాక్షిక పీడనం అంటారు. మొత్తం అణువుల్లో ఆ వాయువు వాటా ఎంతో, మొత్తం పీడనంలోనూ దాని వాటా అంతే. మొత్తం పీడనం P అయితే రెండు వాయువుల పాక్షిక పీడనాలు ఇలా వస్తాయి:

p(N₂O₄) = P(1 − α)/(1 + α)

p(NO₂) = 2αP/(1 + α)

సమతాస్థితి స్థిరాంకాన్ని పాక్షిక పీడనాల్లో రాస్తే అది Kp. ఉత్పన్నమైన వాయువు పీడనం పైన, మొదటి వాయువు పీడనం కింద వస్తాయి. ఒక N₂O₄ నుంచి రెండు NO₂లు పుడతాయి కాబట్టి పైనున్న పీడనాన్ని వర్గం చేయాలి:

Kp = p(NO₂)² / p(N₂O₄)

పై విలువలను ఇందులో ప్రతిక్షేపిస్తే, హారాల్లోని 1 + α ఒకటి కొట్టివేతకు పోయి, మిగిలినదీ 1 − α కలిసి 1 − α² అవుతుంది:

Kp = 4α²P / (1 − α²)

దీన్నే తిరగేసి α కోసం రాస్తే కావలసిన సూత్రం వస్తుంది:

α = √[Kp / (Kp + 4P)]

ఈ సూత్రం దగ్గర కాస్త ఆగి చూడాలి. Kp ఉష్ణోగ్రత మీద మాత్రమే ఆధారపడుతుంది. ఉష్ణోగ్రత మారనంతవరకు అది మారదు. α అలాంటిది కాదు. P హారంలో ఉంది కనుక పీడనం పెరిగితే α తగ్గుతుంది, పీడనం తగ్గితే పెరుగుతుంది. 'స్థిరాంకం మారలేదు కదా, మరి విడిపోయిన భాగం ఎలా మారింది' అన్న సందేహం విద్యార్థులకు తరచూ వస్తుంది. జవాబు పైనున్న వర్గంలో ఉంది. పీడనాన్ని రెట్టింపు చేస్తే, అణువుల వాటాలు కదలకుండా ఉన్నంతసేపు, పైనున్న NO₂ పీడనపు వర్గం నాలుగింతలవుతుంది, కిందనున్న N₂O₄ పీడనం రెండింతలే అవుతుంది. నిష్పత్తి Kpని దాటిపోతుంది. దాన్ని తిరిగి Kpకి దించాలంటే కొంత NO₂ జతకట్టి N₂O₄గా మారక తప్పదు. రెండు వైపులా వాయు అణువుల సంఖ్య సమానంగా ఉండే చర్యల్లో ఈ మార్పు ఉండదు. హైడ్రోజన్ అయొడైడ్ వాయువు హైడ్రోజన్, అయొడిన్ ఆవిరిగా విడిపోయే చర్యలో రెండు అణువుల నుంచి రెండే వస్తాయి కాబట్టి అక్కడి αకు పీడనంతో పనిలేదు.

సూత్రం నుంచి గుర్తుంచుకోదగ్గ ఒక చిన్న ఫలితం కూడా దొరుకుతుంది. సరిగ్గా సగం విడిపోయినప్పుడు, అంటే α = 0.5 అయినప్పుడు, P విలువ Kpలో మూడు వంతులు, అంటే 0.75 Kp. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉష్ణగతిక పట్టికలు ఇచ్చే Kp సుమారు 0.148 బార్. దాని ప్రకారం ఆ ఉష్ణోగ్రత వద్ద సగం అణువులు విడిపోవాలంటే పీడనాన్ని 0.111 బార్‌కు, వాతావరణ పీడనంలో తొమ్మిదో వంతుకు దించాలి.

బుడ్డిలో 1.84 గ్రాములు

కొలత ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూస్తే సంగతి స్పష్టమవుతుంది. సరిగ్గా ఒక లీటరు పట్టే గాజు బుడ్డిలోని గాలినంతా పంపుతో లాగేసి, అందులోకి 1.84 గ్రాముల N₂O₄ చేరుస్తారు. అణుభారం 92 కాబట్టి ఇది 0.0200 మోల్. బుడ్డిని 25 డిగ్రీల నీటి తొట్టిలో ముంచి, ఉష్ణోగ్రత కుదురుకున్నాక పీడనం చూస్తారు.

ఒక్క అణువు కూడా విడిపోకపోతే ఎంత పీడనం ఉండాలో ఆదర్శ వాయు సమీకరణం చెబుతుంది. 0.0200 మోల్, 298.15 కెల్విన్, ఒక లీటరుకు అది 0.496 బార్. మాపకం చూపేది 0.614 బార్. అదనంగా కనిపిస్తున్న 0.118 బార్ విడిపోయిన అణువుల వల్ల వచ్చినదే. ఘనపరిమాణం, ఉష్ణోగ్రత మారలేదు కనుక పీడనాల నిష్పత్తి, మోళ్ల నిష్పత్తి ఒకటే:

1 + α = 0.614 / 0.496 = 1.238

అంటే α = 0.238. ప్రతి వంద జతల్లో ఇరవై నాలుగు విడిపోయాయన్నమాట. ఇప్పుడు పాక్షిక పీడనాలు తేలిపోతాయి. NO₂ది 2 × 0.238 × 0.496, అంటే 0.236 బార్. N₂O₄ది 0.762 × 0.496, అంటే 0.378 బార్. రెంటినీ కలిపితే తిరిగి 0.614 రావాలి, వచ్చింది. ఈ కూడిక సరిచూసుకోవడం మంచి అలవాటు, రెండు రెట్ల అంకెను ఎక్కడైనా మరిచిపోతే ఇక్కడే బయటపడుతుంది. 0.236 వర్గాన్ని 0.378తో భాగిస్తే Kp దాదాపు 0.148 బార్.

మొత్తం పీడనం 0.614 బార్, Kp 0.148 బార్ అని ముందే తెలిస్తే బుడ్డి బరువుతో నిమిత్తం లేకుండా సూత్రం ఒక్కటే చాలు. 0.148ని, 0.148 + 2.456 అంటే 2.604తో భాగించి వర్గమూలం తీస్తే 0.238. రెండు దారులూ ఒకే చోటికి చేరతాయి.

కాగితం మీద సులువుగా కనిపించే ఈ కొలత ప్రయోగశాలలో చాలా జాగ్రత్త కోరుతుంది. మాపకం చదవడంలో ఒక్క శాతం పొరపాటు జరిగి 0.614కు బదులు 0.620 అనుకుంటే α 0.238 నుంచి 0.251కి పెరుగుతుంది. అది ఐదు శాతం తేడా. ఆ αతో లెక్కించిన Kp 0.166 అవుతుంది, తేడా పన్నెండు శాతానికి చేరుతుంది. కారణం కష్టమైనదేమీ కాదు. αను రెండు దగ్గరి సంఖ్యల తేడా నుంచి తీస్తున్నాం, చిన్న తేడాలో చిన్న తప్పు కూడా పెద్దదే. ఆపైన Kpలో α వర్గంగా ఉంది కాబట్టి ఆ తప్పు మళ్లీ రెట్టింపై కూర్చుంటుంది.

మాపకం ఎంపికలోనూ చిక్కుంది. మామూలు పాదరసపు మానోమీటరు ఇక్కడ పనికిరాదు, నైట్రోజన్ డయాక్సైడ్ పాదరసంతో చర్య జరుపుతుంది. అందుకే వాయువుకు గాజు తప్ప మరేదీ తగలకుండా, పలుచని గాజు పొర వంగే తీరును బట్టి పీడనం తెలుసుకునే పద్ధతి వాడతారు. తేమ మరో శత్రువు. బుడ్డి గోడకు అంటుకున్న కొద్దిపాటి నీరు కూడా ఈ వాయువుతో కలిసి నైట్రిక్, నైట్రస్ ఆమ్లాలుగా మారుతుంది. అప్పుడు తూచి వేసిన బరువుకూ లోపల వాయువుగా ఉన్న బరువుకూ పొంతన పోతుంది. ఇలాంటి తప్పును పట్టుకునే మార్గం ఒకటే. వేర్వేరు బరువులతో కొలతను మళ్లీ మళ్లీ చేసి, ప్రతిసారీ Kpని విడిగా లెక్కించాలి. α మారుతున్నా Kp దాదాపు ఒకేచోట నిలిస్తే కొలత నమ్మదగినది. Kp కూడా అటూ ఇటూ ఊగుతుంటే ఎక్కడో తేమ, లీకు, లేదా ఉష్ణోగ్రత కుదురుకోకపోవడం ఉందని అర్థం. నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు, పీల్చిన కొన్ని గంటల తరువాత గానీ ప్రమాదం తెలియకపోవచ్చు. కాబట్టి ఈ పని గాలి బయటికి లాగే హుడ్ ఉన్న ప్రయోగశాలకే పరిమితం.

పీడనం మారితే

Kp ఒకసారి చేతికొచ్చాక ఏ పీడనానికైనా α ముందే చెప్పవచ్చు. 25 డిగ్రీల వద్ద ఒక బార్ పీడనంలో 0.148ని 4.148తో భాగించి వర్గమూలం తీస్తే 0.189. అర బార్‌కు 0.262. పదో వంతు బార్‌కు 0.520. నూరో వంతు బార్‌కు 0.887. పీడనం నూరింతలు తగ్గితే విడిపోయిన భాగం అయిదో వంతు కంటే తక్కువ నుంచి తొమ్మిది పదుల దగ్గరికి చేరింది. పీడనం ఎంత తగ్గినా α ఒకటిని దాటదు, సూత్రమే దాటనివ్వదు.

పరీక్షల్లో తొందరపడేవారు ఇక్కడే ఒక అడ్డదారి పడతారు. α చిన్నదనుకుని 1 − α²ను 1గా తీసేస్తే α = √(Kp/4P) అని తేలికైన రూపం మిగులుతుంది. ఒక బార్ వద్ద దీనివల్ల నష్టం తక్కువ, 0.189కి బదులు 0.192 వస్తుంది. పదో వంతు బార్ వద్ద 0.520 రావాల్సిన చోట 0.608 వస్తుంది. నూరో వంతు బార్ వద్ద జవాబు 1.92. ఉన్న అణువుల కంటే రెట్టింపు అణువులు విడిపోయాయనే అసంబద్ధమైన ఫలితమది. అసలు సూత్రంలో ఉన్నది ఒక్క కూడిక, ఒక్క వర్గమూలం. దాన్ని కుదించి దక్కే లాభమేమీ లేదు.

ప్రమాణాలు కలిసిపోవడం అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే ఆ జవాబు చూడడానికి సబబుగానే ఉంటుంది. P ఒక బార్‌ను 100 కిలోపాస్కల్ అని రాసి, Kpని మాత్రం 0.148 గానే ఉంచితే α = 0.019 వస్తుంది. రెండు శాతం విడిపోయిందంటే ఎవరికీ అనుమానం రాదు, కానీ అసలు విలువ అందుకు పదింతలు. Kpని కూడా 14.8 కిలోపాస్కల్‌గా మార్చితే మళ్లీ 0.189 వస్తుంది. Kp, P ఒకే ప్రమాణంలో ఉంటే ఏ ప్రమాణమైనా ఫరవాలేదు.

ఈ మార్పును కళ్లతో చూడగలగడం ఈ వాయువు ప్రత్యేకత. మూతి బిగించిన గాజు సిరంజిలో అర బార్ పీడనం వద్ద వాయువు ఉందనుకుంటే, పిస్టన్ నొక్కి ఒక బార్‌కు చేర్చగానే రంగు ముదురుతుంది. వెంటనే కాస్త తేలికపడుతుంది, అయినా మొదటికంటే ముదురుగానే ఉంటుంది. పీడనం పెంచితే NO₂ తగ్గాలి కదా, రంగు ముదరడమేమిటని చూసేవారు తికమకపడతారు. తగ్గేది NO₂ అణువుల సంఖ్య, దాని సాంద్రత కాదు. అర బార్ వద్ద NO₂ పాక్షిక పీడనం 0.208 బార్, ఒక బార్ వద్ద 0.318 బార్. జతలు కట్టకుండా ఉంటే అది 0.416కి చేరాల్సింది. కొంత జతకట్టడం వల్ల 0.318 దగ్గర ఆగింది. సిరంజిని పక్కనుంచి చూసే కంటికి కనిపించేది ఈ సాంద్రతే.

సిరంజిని పొడవునా, గొట్టం చివరి నుంచి చూస్తే దృశ్యం మారుతుంది. పిస్టన్ నొక్కినప్పుడు వాయువు దట్టమవుతుంది, కానీ కాంతి దాటాల్సిన దూరం అంతే నిష్పత్తిలో తగ్గుతుంది. కాబట్టి ఆ దిశలో కనిపించే రంగు NO₂ అణువుల మొత్తం సంఖ్యను మాత్రమే చూపుతుంది. మొదట తీసుకున్న ప్రతి మోల్ N₂O₄కు NO₂ మోళ్లు 0.525 నుంచి 0.378కి తగ్గుతాయి. దాదాపు 28 శాతం తగ్గుదల, రంగు నేరుగా పలచబడడంగా కనిపిస్తుంది. తరగతిలో ఈ ప్రయోగం చూపేటప్పుడు పొడవునా చూడమని చెబితే సగం అయోమయం పోతుంది.

పిస్టన్ నొక్కాక రంగు తేలికపడడానికి పట్టే ఒకటి రెండు క్షణాలను చర్య నెమ్మదితనంగా చాలామంది వివరిస్తారు. అది సరికాదు. ఈ చర్య సమతాస్థితికి చేరడానికి మైక్రోసెకన్ల స్థాయి కాలం చాలు, కంటికి అది అందదు. వాయువును గబుక్కున నొక్కితే వేడెక్కుతుంది. జతకట్టేటప్పుడు వెలువడే వేడి దానికి తోడవుతుంది. వేడిగా ఉన్నంతసేపు NO₂ వాటా ఎక్కువగానే ఉంటుంది. ఆ వేడి గాజు గోడల ద్వారా పోయేకొద్దీ రంగు తగ్గుతుంది. కనిపించే ఆలస్యం చల్లారడానికి పట్టేదే.

సూత్రంలోని P అంటే ఏ పీడనమన్నది కూడా తేల్చుకోవాలి. బుడ్డిలో ఆర్గాన్ వంటి జడవాయువు కలిసి ఉంటే మాపకం చూపే మొత్తంలో దాని వాటా కూడా ఉంటుంది. Kpలో దానికి చోటు లేదు. కాబట్టి P అంటే N₂O₄, NO₂ల పీడనాల మొత్తం మాత్రమే. మూసిన బుడ్డిలోకి ఆర్గాన్ ఎక్కిస్తే మాపకం ముల్లు పైకి పోతుంది, కానీ మిగతా రెండు వాయువుల పీడనాలు కదలవు, αకూ మార్పు ఉండదు. మొత్తం పీడనాన్ని ఒక బార్ దగ్గరే నిలిపి, అందులో సగం ఆర్గాన్‌దే అయ్యేలా బుడ్డిని విశాలం చేస్తే మాత్రం N₂O₄, NO₂లకు మిగిలేది అర బార్. అప్పుడు α 0.189 నుంచి 0.262కి పెరుగుతుంది.

ఉష్ణోగ్రత, హద్దులు

విడిపోవడానికి వేడి కావాలి కాబట్టి ఉష్ణోగ్రత పెరిగితే Kp పెరుగుతుంది, అదీ చాలా వేగంగా. మోల్‌కు 57 కిలోజౌళ్ల లెక్కన 25 డిగ్రీల వద్ద 0.148 బార్‌గా ఉన్న Kp, 60 డిగ్రీలకు 1.7 బార్ దగ్గరికి, 100 డిగ్రీలకు 15 బార్ దగ్గరికి చేరుతుంది. ఒక బార్ పీడనంలో α వరుసగా 0.19, 0.54, 0.89. ఒకే వాయువు నింపి మూతి కరిగించి మూసిన రెండు గాజు గొట్టాల్లో ఒకటి మంచునీటిలో, మరొకటి వేడినీటిలో ఉంచితే మొదటిది వెలవెలబోతుంది, రెండోది నల్లబడినంత ముదురుతుంది. నీటి తొట్టి ఉష్ణోగ్రతను అంత పట్టుదలగా నిలపవలసిన కారణం ఇదే. 25 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తేడాకే Kp ఎనిమిది శాతం కదులుతుంది.

ఎంత మంచి సూత్రమైనా వాయువు వాయువుగా ఉన్నంతవరకే పనిచేస్తుంది. N₂O₄ వాతావరణ పీడనం వద్ద 21 డిగ్రీలకే మరుగుతుంది. 25 డిగ్రీల వద్ద దాని ఆవిరి పీడనం 1.2 బార్ ప్రాంతంలో ఉంటుంది. అంతకంటే ఎక్కువ నొక్కితే పీడనం పెరగదు, వాయువు ద్రవమవుతుంది. కాబట్టి 25 డిగ్రీల వద్ద వాయువులో α 0.17 కంటే కిందికి దిగే అవకాశమే లేదు. అభ్యాస ప్రశ్నల్లో '25 డిగ్రీల వద్ద 10 బార్ పీడనంలో α ఎంత' అని అడిగితే సూత్రం 0.06 అని చెబుతుంది. అంకెలు సరైనవే, కానీ అలాంటి వాయువు లేదు, బుడ్డి అడుగున ఉండేది ద్రవం.

ఆ ద్రవానికి తెలుగు నేలతో నిజమైన సంబంధమే ఉంది. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్‌వీ రెండో దశలోని వికాస్ ఇంజన్‌లో ఇంధనాన్ని మండించే ఆక్సీకారిణి ద్రవ N₂O₄. ద్రవంలో అణువులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కనుక దాదాపు అన్నీ జతలుగానే నిలుస్తాయి, కొద్దిపాటి NO₂ లేత రంగునిస్తుంది. తీరప్రాంతపు వేడికి 21 డిగ్రీల మరుగు స్థానం చాలా తక్కువ, అందుకే దాన్ని మూసిన ట్యాంకుల్లో, పీడనం కింద ఉంచాలి. ఎక్కడైనా లీకై గాలిలో కలిస్తే దాని పాక్షిక పీడనం ఒక్కసారిగా పడిపోతుంది, జతలు విడిపోతాయి, గోధుమరంగు పొగ లేస్తుంది. నూరో వంతు బార్ వద్ద α 0.887 అన్న అంకె ఆ పొగ రంగుకు కారణం చెబుతుంది.

పైవైపు హద్దు 150 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అక్కడినుంచి NO₂ కూడా నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్‌లుగా విడిపోసాగుతుంది. అణువుల సంఖ్య పెరగడానికి రెండో కారణం చేరితే 1 + α పద్దు చెల్లదు. అప్పుడు లెక్కించిన α ఒకటిని దాటవచ్చు, దాటితే రెండో చర్య మొదలైందనడానికి అదే గుర్తు.

మిగిలిన హద్దు మరింత సూక్ష్మమైనది. లెక్కంతా రెండు వాయువులూ ఆదర్శ వాయువుల్లా నడుస్తాయన్న ఊహ మీద నిలిచింది. మరుగు స్థానానికి ఇంత దగ్గరున్న ఆవిరి అంత విధేయంగా ఉండదు. అమెరికాలో ఫ్రాంక్ వెర్హోక్, ఫారింగ్టన్ డేనియల్స్ 1931లో ప్రచురించిన కొలతల్లో ఇది స్పష్టంగా కనిపించింది. బుడ్డిలో వాయువు ఎక్కువయ్యేకొద్దీ లెక్కకు వచ్చే Kp క్రమంగా తగ్గింది. స్థిరాంకం అనుకున్నది కొలత పొరపాటు వల్ల ఊగడం కాదిది, ఒకే దిశలో జారడం. అలాంటి జారుడు కనిపించినప్పుడు తప్పు మాపకంలో వెతకకూడదు, ఆదర్శ వాయువన్న ఊహలో వెతకాలి. వారు వేర్వేరు సాంద్రతల వద్ద Kp కొలిచి, ఆ విలువలను సరళరేఖగా గీసి, సాంద్రత సున్నా అయ్యేచోటికి ఆ రేఖను పొడిగించారు. అణువులు ఒకదానికొకటి తగలనంత పలుచబడిన ఆ చివర దొరికిన విలువలు 25 డిగ్రీలకు 0.14, 35 డిగ్రీలకు 0.32, 45 డిగ్రీలకు 0.67 అట్మాస్ఫియర్ల సమీపంలో ఉన్నాయి. 0.148 బార్ అంటే 0.146 అట్మాస్ఫియర్ కాబట్టి పట్టికల విలువకు ఇవి దగ్గరగానే ఉన్నాయి. ఒక లీటరు బుడ్డిలో 1.84 గ్రాములంత దట్టంగా వాయువు ఉన్నప్పుడు మాత్రం నిజమైన మాపకం 0.614 కంటే కాస్త తక్కువే చూపుతుంది.